యాప్‌ను పలు భాషల్లోకి తెచ్చేటప్పుడు అనువాదం, సమీక్ష ఎంతవరకు వచ్చాయో చూసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ అంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. పల్లెల్లోని పాల సేకరణ కేంద్రాల కోసం ఒక ఆండ్రాయిడ్ యాప్ ఉందనుకుందాం. రైతు పోసిన పాలు ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, ధర ఎంత, డబ్బు ఎప్పుడు పడింది అన్నవి అందులో కనిపిస్తాయి. మూలం ఇంగ్లీషులో ఉంది. తెర మీద కనిపించే మాటలను, వాక్యాలను స్ట్రింగులు అంటారు. అలాంటి 380 స్ట్రింగులను తెలుగు, హిందీ, తమిళం, కన్నడంలోకి తేవాలి. అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవే. మీ యాప్ చిన్నదైనా పెద్దదైనా పద్ధతి మారదు.

ఒక్కో స్ట్రింగుకూ ఒక్కో టికెట్ తెరవాలా?

వద్దు. 380 స్ట్రింగులు, నాలుగు భాషలు అంటే 1,520 అనువాదాలు. అన్నిటికీ టికెట్లు పెడితే అనువాదం కంటే టికెట్లు జరపడానికే ఎక్కువ సమయం పడుతుంది. పైగా ఒక స్క్రీన్‌లోని పది వాక్యాలు పదిమంది చేతుల్లోకి పోయి, ఒకే మాటకు పది రూపాలు వస్తాయి.

భాషకొకటి చొప్పున నాలుగే టికెట్లు పెట్టడం కూడా తప్పే. "తెలుగు: జరుగుతోంది" అని మూడు వారాల పాటు ఒకే మాట కనిపిస్తుంటే పని ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు.

బాగా పనిచేసే కొలత ఇది: వాడేవాళ్లు ఒక పని కోసం వరుసగా చూసే స్క్రీన్లన్నీ ఒక కట్ట, కట్టకు 40 నుంచి 60 స్ట్రింగులు. మన యాప్‌లో లాగిన్, పాల నమోదు, రేటు పట్టిక, చెల్లింపులు, నివేదికలు, సెట్టింగులు, లోపాల సందేశాలు అని ఏడు కట్టలు వస్తాయి. ఏడు కట్టలు, నాలుగు భాషలు కలిపి 28 టికెట్లు. ఒక బోర్డు మీద అన్నీ కంటికి ఆనుతాయి. స్ట్రింగు స్థాయి వివరం మాత్రం టికెట్‌లో కాదు, అనువాద సాధనంలోనో పట్టికలోనో ఉండాలి. టికెట్ చెప్పాల్సింది రెండే సంగతులు: ఈ కట్ట ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, వారి దగ్గర ఎప్పటివరకు ఉంటుంది.

ఒక స్ట్రింగు ఎన్ని దశలు దాటాలి?

అనువాద ఫైళ్ల కోసం ఉన్న ఎక్స్‌లిఫ్ 2.0 ప్రమాణంలో నాలుగు దశలు ఉన్నాయి: `initial`, `translated`, `reviewed`, `final`. వీటినే వాడుకోండి, కొత్త పేర్లు పెట్టుకోనక్కర్లేదు. మొదటిదానికి అర్థం ఇంకా ఎవరూ ముట్టలేదని. రెండోదానికి అనువాదకులు రాశారని, మూడోదానికి ఆ భాష మాతృభాషగా ఉన్న మరొకరు చదివి ఒప్పుకున్నారని. `final` అన్నది మాత్రం స్ట్రింగును అసలు స్క్రీన్ మీద, ఫోనులో చూశాకే పెట్టాలని నియమం చేసుకోండి.

ఒక దశ నుంచి మరో దశకు మార్చే హక్కు ఎవరిదన్నది ముందే తేలాలి. తాను రాసినదాన్ని తానే `reviewed` చేసే వీలు ఎవరికీ ఉండకూడదు. వెబ్‌లేట్ లాంటి సాధనాల్లో సమీక్షకులకు విడిగా హక్కులు ఇవ్వవచ్చు. స్ప్రెడ్‌షీట్ వాడుతుంటే అనువాదకుల పేరు, సమీక్షకుల పేరు రెండు వేర్వేరు గడుల్లో ఉంచి, రెండూ ఒకటైతే ఆ వరుస ఎర్రగా మారేలా నియమం పెట్టండి.

ఒక చిక్కు ఉంది. ఆండ్రాయిడ్ `strings.xml` ఫైలులో దశ రాసుకోవడానికి చోటే లేదు. గెట్‌టెక్స్ట్ వాడే పీఓ ఫైళ్లలోనైతే అనుమానం ఉన్న వరుస మీద `#, fuzzy` అనే గుర్తు పడుతుంది. ఆండ్రాయిడ్‌లో వాక్యం ఉంటుంది, లేదా ఉండదు, అంతే. అందువల్ల దశల లెక్కను ఫైలు బయట ఎక్కడో ఒకచోట, ఒకేచోట, ఉంచాలి.

అనువాదం అయ్యాక ఇంగ్లీషు వాక్యం మారింది. పట్టికలో మాత్రం "పూర్తయింది" అనే ఉంది. ఏం చేయాలి?

భాషల పనిలో అన్నిటికంటే ఎక్కువగా, అన్నిటికంటే నిశ్శబ్దంగా జరిగే తప్పు ఇదే. ఫైలులో వాక్యం ఉంది కాబట్టి ఆండ్రాయిడ్‌లో తప్పులు పట్టే సాధనమైన లింట్ ఏమీ అనదు, యాప్ కూలిపోదు, శాతం తగ్గదు. రైతు మాత్రం పాత సంగతి చదువుతాడు.

ప్రతి స్ట్రింగుకూ ఫైలులో ఉండే పేరే కీ. మన యాప్‌లో `pay_cycle_note` అనే కీ ఉందనుకోండి. మొదట దాని ఇంగ్లీషు ఇలా ఉంది:

```xml
<string name="pay_cycle_note">Payments are made every 15 days</string>
```

తర్వాత పాల సంఘం పది రోజులకొకసారి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. డెవలపర్ `15`ను `10` చేశారు. కీ పేరు మారలేదు. నాలుగు భాషల్లోనూ "15 రోజులకు ఒకసారి" అనే ఉండిపోయింది. పదకొండో రోజున కేంద్రానికి ఫోన్లు మొదలవుతాయి.

దీన్ని ఆపడానికి రెండు పనులు కలిపి చేయాలి. ఒకటి, అర్థం మారితే కీ కూడా మారాలి. `pay_cycle_note`ను తీసేసి `pay_cycle_note_v2` పెడితే నాలుగు భాషల్లోనూ అది లేని స్ట్రింగు అవుతుంది. అప్పుడు లోపం దాగదు, లింట్ పట్టుకుంటుంది. ఇంగ్లీషులో అక్షరదోషమో కామానో సరిచేస్తే కీ మార్చకండి. మారిస్తే నాలుగు భాషల వాళ్లకూ ఊరికే పని పడుతుంది. రెండు, ప్రతి అనువాదం పక్కన అది ఏ ఇంగ్లీషు వాక్యాన్ని చూసి చేసినదో ఆ వాక్యాన్నే భద్రపరచండి. ఇప్పటి ఇంగ్లీషు దానితో సరిపోలకపోతే ఆ వరుస దశ దానంతట అదే `initial`కు దిగాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఆ తేడాను పట్టుకోవడానికి ఒక్క సూత్రం చాలు.

రెండు విడుదలల మధ్య ఏయే వాక్యాలు మారాయో చూడటానికి ఒక్క ఆదేశం చాలు:

```
git diff v2.3 v2.4 -- app/src/main/res/values/strings.xml
```

కొత్త విడుదల పని మొదలుపెట్టే రోజున దీన్ని నడిపి, వచ్చిన ప్రతి వరుసను "అర్థం మారింది", "అర్థం మారలేదు" అని ఒక మనిషి విడదీయాలి. ఈ నిర్ణయాన్ని సాధనానికి వదిలేయకండి. 15 పది కావడం దానికి ఒక్క అక్షరం తేడా మాత్రమే.

"తెలుగు 100 శాతం" అని చూపిస్తోంది. విడుదల చేయవచ్చా?

ఆ 100 దేని శాతమో ముందు అడగండి. చాలా పట్టికల్లో అది ఖాళీగా లేని గడుల శాతం. భాషకు మూడు అంకెలు విడివిడిగా చూపించాలి: రాసినవి, సమీక్ష అయినవి, స్క్రీన్ మీద చూసినవి. ఉదాహరణకు తెలుగు 380లో 380, 310, 140 అని ఉందనుకోండి. అంటే 70 వాక్యాలు రెండో మనిషి చదవనివి, 240 వాక్యాలు ఎవరూ ఫోనులో చూడనివి. మొదటి అంకె చూసి సంతోషించడం వల్లే మిగతా రెండూ వెనకబడతాయి.

విడుదలకు గీత ఎక్కడ గీయాలన్నది వాక్యం ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పాల నమోదు, రేటు పట్టిక, చెల్లింపులు: ఈ మూడు కట్టల్లో ప్రతి స్ట్రింగూ `final` అయి తీరాలి, ఎందుకంటే అక్కడ తప్పు పోతే డబ్బు లెక్క తప్పుతుంది. సెట్టింగుల్లో `reviewed` వరకు వస్తే చాలు. ఒకటి రెండు వాక్యాలు మిగిలిపోయినా ఆండ్రాయిడ్ `values/` ఫోల్డర్‌లోని ఇంగ్లీషును చూపిస్తుంది, యాప్ ఆగదు. దీనికి తలకిందుల పరిస్థితి మాత్రం ప్రమాదం. `values-te/`లో ఉండి `values/`లో లేని స్ట్రింగును వేరే భాషలో ఉన్న ఫోను అడిగితే యాప్ కూలిపోతుంది. లింట్‌లోని `ExtraTranslation` హెచ్చరిక దీని గురించే. దాన్ని అణచివేసి ముందుకు పోకండి.

అనువాదకులకు పని పంపేముందు మా వైపు ఏం సిద్ధంగా ఉండాలి?

ఇక్కడ ఒక గంట పెడితే తర్వాత నాలుగు భాషల్లోనూ గంటలు మిగులుతాయి. ముందుగా యాప్‌ను `en-XA` అనే ఉత్తుత్తి భాషలో నడపండి. డీబగ్ బిల్డ్‌లో దీన్ని ఇలా తెరుస్తారు:

```
buildTypes {
    debug {
        pseudoLocalesEnabled true
    }
}
```

ఫోను భాషను దానికి మారిస్తే ఇంగ్లీషు అక్షరాల మీద గుర్తులు వచ్చి, వాక్యాలు పొడుగవుతాయి. ఏ మాట మీద గుర్తులు రాలేదో అది కోడ్‌లో నేరుగా రాసేసిన మాట. అది అనువాదకులకు ఎప్పటికీ చేరదు. వాటిని `strings.xml`లోకి తెచ్చాకే కట్టలు పంపాలి.

తర్వాత, ప్రతి కీకి సందర్భం రాయండి. మన యాప్‌లో `Rate` అనే మాట రెండు చోట్ల ఉంటుంది: ఒకచోట లీటరు ధర, ఇంకోచోట యాప్‌కు నక్షత్రాలు ఇవ్వమని కోరే బటన్. రెండింటికీ ఒకే కీ వాడి ఉంటే ఎంత మంచి అనువాదకులైనా ఒకచోట తప్పక తప్పుతారు. కాబట్టి కీలు విడదీయాలి. స్క్రీన్‌షాట్ జతచేయాలి. పేరో అంకెో వచ్చి చేరే చోటు, అంటే ప్లేస్‌హోల్డర్ ఉంటే అందులో ఏం వస్తుందో రాయాలి:

```xml
<!-- %1$s: రైతు పేరు లేదా పాల సంఘం పేరు. చెల్లింపు రసీదు మీద కనిపిస్తుంది -->
<string name="pay_sent">Payment sent to %1$s</string>
```

ఈ ఒక్క వ్యాఖ్య ఎంత పని చేస్తుందో కింది ప్రశ్నలో తెలుస్తుంది.

పేర్లు వచ్చేచోట తెలుగు వాక్యం విరిగిపోతోంది. ఇది అనువాదకుల తప్పా?

కాదు. ఇంగ్లీషులో `to` విడిగా నిలబడుతుంది, తెలుగులో విభక్తి పేరుకు అతుక్కుంటుంది. `%1$sకి డబ్బు పంపాం` అని రాస్తే "రవికి" బాగుంటుంది. "సుబ్రహ్మణ్యంకి" బాగుండదు, అక్కడ "సుబ్రహ్మణ్యానికి" కావాలి. "రాజశేఖర్" లాంటి పొల్లుతో ముగిసే పేరు వస్తే, మధ్యలో కనిపించని విడదీసే గుర్తు, అంటే యూనికోడ్ U+200C, లేకపోతే "రాజశేఖర్కి" అని వత్తు కిందికి దిగుతుంది. పేరు ఏం వస్తుందో అనువాదకులకు తెలియదు, యాప్‌కు వ్యాకరణం తెలియదు.

రైతుల పేర్లే వస్తాయంటే తెలుగులో చక్కటి దారి ఉంది: `%1$s గారికి డబ్బు పంపాం`. విభక్తి "గారు" మీద పడుతుంది, పేరు చెక్కుచెదరదు, మర్యాదా నిలుస్తుంది. కానీ పై వ్యాఖ్య ప్రకారం అక్కడ పాల సంఘం పేరు కూడా రావచ్చు. సంఘానికి "గారు" పెట్టలేం. అప్పుడు రెండు దారులు: డెవలపర్ రైతుకు ఒక కీ, సంఘానికి ఒక కీ ఇవ్వాలి, లేదా `డబ్బు అందుకున్నవారు: %1$s` అని వాక్యాన్ని విభక్తి అక్కర్లేకుండా తిప్పాలి. రసీదుకైతే రెండోది బాగుంటుంది. రైతు ఫోనుకు వచ్చే సందేశానికి మొదటిదే మేలు, చదివితే మనిషి చెప్పినట్టుంటుంది.

సంఘటన వాక్యాల్లోనూ ఇదే సంగతి. `%1$s updated the rate` అన్నదాన్ని "మార్చాడు" అంటే ఆడవాళ్లకు తప్పు, "మార్చింది" అంటే మగవాళ్లకు తప్పు. "మార్చారు" అని బహువచనంలో రాయాలని శైలి సూచికలో ముందే నిర్ణయించండి. బటన్ల మీద "సేవ్ చేయి" ఉండాలా, "సేవ్ చేయండి" ఉండాలా అన్నది కూడా అప్పుడే తేల్చాలి. లేకపోతే సమీక్షకులు ప్రతి కట్టలోనూ దాన్నే దిద్దుతూ కూర్చుంటారు.

అనువాదకుల సందేహాలు వాట్సాప్‌లో వస్తున్నాయి. వాటినీ పట్టికలోకి ఎక్కించాలా?

తప్పకుండా. తమిళం చేసేవారికి వచ్చిన సందేహం కన్నడం చేసేవారికి రెండు రోజుల తర్వాత వస్తుంది. జవాబు వాట్సాప్‌లో ఉంటే మళ్లీ అడగాలి, మళ్లీ చెప్పాలి, రెండోసారి చెప్పినది మొదటిదానితో సరిపోలకపోవచ్చు. సందేహాన్ని భాషకు కాదు, కీకి కట్టండి: కీ పేరు, ప్రశ్న, జవాబు, జవాబు ఇచ్చినవారు, తేదీ. జవాబు రాగానే దాన్ని ఆ కీ మీది వ్యాఖ్యలోకి కూడా చేర్చాలి.

రెండు భాషల నుంచి ఒకే కీ మీద సందేహం వచ్చిందంటే అనువాదాన్ని కాదు, ఇంగ్లీషునే సరిచేయాలి. అలాంటి కీ ఉన్న కట్టను జవాబు వచ్చేదాకా "ఆగింది" అనే గడిలో పెట్టండి. "జరుగుతోంది"లో ఉంచితే ఆలస్యం అనువాదకుల మీదికి పోతుంది, నిజంగా ఆగింది మన దగ్గర.

సమీక్షకులుగా ఎవరిని పెట్టుకోవాలి? తెలుగు మాతృభాష అయితే చాలా?

చాలదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, చదవడం రాయడం మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషులోనే చేసేవారు వాక్యం వినడానికి బాగుందో లేదో చెప్పగలరు. అక్షరదోషాలు, వత్తులు, విరామాలు వారి కంటికి దొరకవు. బాగా రాయగలిగి, పాల కేంద్రం మొహం చూడనివారు ఫ్యాట్‌ను "కొవ్వు శాతం" అని దిద్దేస్తారు. కేంద్రంలో అందరూ అనేది "వెన్న శాతం". రైతు రోజూ చీటీ మీద చూసే మాటే యాప్‌లోనూ ఉండాలి.

అందువల్ల భాషకు ఇద్దరు కావాలి. ఒకరు భాష బాగా తెలిసినవారు, వారు ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషుతో పోల్చి చదువుతారు. మరొకరు ఆ పని చేసేవారు, మన ఉదాహరణలో కేంద్రంలో పాలు కొలిచే మనిషి. వారికి ఇంగ్లీషు చూపించకూడదు. తెలుగు స్క్రీన్ మాత్రమే ఇచ్చి, "ఈ రైతు పొద్దుటి పూట పోసిన పాలు నమోదు చేయండి" అని చెప్పి, ఎక్కడ తడబడ్డారో రాసుకోవాలి. ఈ రెండో సమీక్షకు మూడు ప్రధాన కట్టలు చాలు.

ప్రాంతం సంగతి కూడా ఉంది. చిత్తూరు, గుంటూరు, కరీంనగర్ జిల్లాల్లో యాప్ నడుస్తుంటే ముగ్గురు రెండో రకం సమీక్షకులను మూడు చోట్ల నుంచి తీసుకోండి. ఒకచోట అర్థమై ఇంకోచోట అర్థం కాని మాట వస్తే అందరికీ తెలిసిన మాట పెట్టాలి, అది ఇంగ్లీషు నుంచి వచ్చినదైనా సరే. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండే తెలుగువారు మొదటి రకం సమీక్షకు బాగా పనికొస్తారు. రెండో రకానికి వారు సరిపోరు.

సమీక్షకులు "బాగాలేదు" అని రాసి వెనక్కి పంపేస్తున్నారు. దీన్ని ఎలా సరిచేయాలి?

వ్యాఖ్యకు మూడు గడులు పెట్టండి: ఏది తప్పు, ఎందుకు, ఎలా ఉండాలి. మూడోది ఖాళీగా ఉంటే వ్యాఖ్య చేరకూడదు. దాని పక్కన తీవ్రత. మూడు స్థాయిలు చాలు. అర్థమే మారితే మొదటిది. వ్యాకరణం, అక్షరదోషం, పదకోశంలో లేని పదం అయితే రెండోది. "నేనైతే ఇలా రాసేవాణ్ణి" అనేది మూడోది. మొదటి రెండే అనువాదకులకు తిరిగి వెళ్తాయి. మూడోది అనువాదకులకు సూచనగా కనిపిస్తుంది, స్ట్రింగు మాత్రం ముందుకు పోతుంది.

ఇలా విడదీయకపోతే "నమోదు" అని ఒకరు, "ఎంట్రీ" అని మరొకరు ఒకే స్ట్రింగును అటూ ఇటూ తిప్పుతూనే ఉంటారు. రెండుసార్లు వెనక్కి వెళ్లిన స్ట్రింగు మూడోసారి వెళ్లకూడదని నియమం పెట్టండి. అప్పుడు భాషా బాధ్యులు ఒక్కరే నిర్ణయించి, ఆ పదాన్ని కారణంతో సహా పదకోశంలో చేర్చాలి. కారణం రాయని పదకోశాన్ని ఆరు నెలల తర్వాత వచ్చే కొత్త సమీక్షకులు మళ్లీ తిరగరాస్తారు.

ఒక గుర్తు చూస్తూ ఉండండి: ఒక కట్టలో సమీక్షకులు ఒక్క వ్యాఖ్యా చేయకపోతే అనువాదం అంత బాగుందని అనుకోకండి, అసలు చదివారా అని చూడండి. 55 స్ట్రింగులు నాలుగు నిమిషాల్లో `reviewed` అయితే అది చదివిన లెక్క కాదు. దశ మారిన సమయాన్ని పట్టికలో ఉంచడం ఇందుకే.

పట్టికలో చదివాక మళ్లీ స్క్రీన్ మీద ఎందుకు చూడాలి?

పట్టికలో వాక్యానికి కావలసినంత చోటు ఉంటుంది, బటన్‌కు ఉండదు. తెలుగులో ఇంకో ఇబ్బంది ఎత్తు. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల్లో వత్తులు గీత కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషుకు సరిపోయేలా ఎత్తును డీపీల్లో బిగించిన గడిలో కింది వత్తు కోసుకుపోతుంది, చదివేవారికి వేరే అక్షరంలా కనిపిస్తుంది. మందు `wrap_content`, కానీ ఎక్కడ కావాలో చూస్తేనే తెలుస్తుంది.

చూసేటప్పుడు చిన్న తెర ఉన్న ఫోనొకటి తీసుకుని, అక్షరాల పరిమాణం పెద్దది చేసి చూడండి. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం వరకు పెంచుకోవచ్చు, వయసు మీద పడినవారు పెంచుకుంటారు కూడా. మామూలుగా దారి కానరాని స్క్రీన్లను మర్చిపోకండి: నెట్ లేనప్పటి సందేశం, పాలు పులిసినట్టు తేలినప్పటి హెచ్చరిక, ఒక్క నమోదూ లేని ఖాళీ జాబితా. కట్ట టికెట్‌లో ఈ స్క్రీన్ల జాబితా, ఒక్కోదాని దగ్గరికి ఎలా వెళ్లాలో ఒక్క వాక్యం ఉంటే సమీక్షకులు డెవలపర్‌ను అడగనక్కర్లేదు.

మనిషి చూడకముందే సాధనం పట్టగలిగే తప్పులు ఏవి?

ప్లేస్‌హోల్డర్లు మొదటివి. `Fat: %1$s%%` అన్నదాన్ని అనువదించేటప్పుడు రెండు శాతం గుర్తులు ఎందుకని ఒకటి తీసేస్తారు. `వెన్న శాతం: %1$s%` అయిన ఆ వాక్యం స్క్రీన్ మీదికి వచ్చిన క్షణం యాప్ కూలిపోతుంది, అదీ తెలుగులో మాత్రమే. ఇంగ్లీషులో పరీక్షించేవారికి ఎప్పటికీ కనిపించదు. `./gradlew lint` నడిపితే `StringFormatInvalid`, `StringFormatMatches` అనే తనిఖీలు ఇలాంటివాటిని చూస్తాయి. `translated` నుంచి సమీక్షకు వెళ్లేముందే ఇది నడవాలి. సమీక్షకుల సమయాన్ని శాతం గుర్తులు లెక్కపెట్టడానికి వాడకూడదు.

బహువచనాలు రెండోవి. ఆండ్రాయిడ్ `plurals`లో తెలుగు, తమిళం, హిందీ, కన్నడం నాలుగింటికీ `one`, `other` అనే రెండే రూపాలు. పైకి ఒకేలా కనిపించినా తేడా ఉంది. తెలుగులోనూ తమిళంలోనూ `one` అంటే 1 మాత్రమే. హిందీలోనూ కన్నడంలోనూ సున్నా కూడా `one`లోకే వస్తుంది. అందుకని ఆ రెండు భాషల్లో `one` రూపంలో అంకెకు బదులు "ఒకటి" అని అక్షరాల్లో రాస్తే, నమోదులు సున్నా ఉన్న రోజున "ఒక నమోదు" అని చూపిస్తుంది. నాలుగు భాషల్లోనూ `%d` తప్పనిసరి అని శైలి సూచికలో రాయండి.

స్ప్రెడ్‌షీట్ సరిపోతుందా, అనువాద సాధనమే కావాలా?

ఒక్క విడుదల, రెండు భాషలు, రెండు మూడు వందల స్ట్రింగులైతే స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది. విడుదలలు వరుసగా వస్తుంటే, భాషలు మూడు దాటితే సాధనానికి మారండి, ఎందుకంటే మూలం మారినప్పుడు దశ దించే పని చేత్తో నిలకడగా జరగదు. స్ప్రెడ్‌షీట్ వాడినంతకాలం ఒక జాగ్రత్త: బీఓఎం, అంటే ఫైలు మొదట్లో ఉండే ఎన్‌కోడింగ్ గుర్తు, లేని యూటీఎఫ్-8 సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు అంతా పిచ్చి అక్షరాలవుతుంది. అలాగే సేవ్ చేస్తే తిరిగిరాదు. బీఓఎంతో ఎగుమతి చేయండి, లేదా ఎక్సెల్‌లో డేటా దిగుమతి దారిలో యూటీఎఫ్-8 ఎంచుకోండి.

మొత్తం ఎన్ని రోజులు పడుతుంది?

380 స్ట్రింగులు, సగటున ఐదు పదాలు అనుకుంటే 1,900 పదాలు. సాదా వచనానికి అనువాద రంగంలో అనుకునే లెక్క రోజుకు 2,000 నుంచి 2,500 పదాలు. యాప్ వాక్యాలు ఆ వేగంతో సాగవు, ప్రతి రెండు మాటలకూ సందర్భం మారుతుంది. భాషకు రెండు మూడు రోజులు అనువాదానికి, ఒక రోజు భాషా సమీక్షకు, ఒక రోజు దిద్దుబాట్లకు, ఒకటి రెండు రోజులు స్క్రీన్ మీద చూడటానికి పెట్టుకోండి. నాలుగు భాషలు పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి పది పనిదినాలు చాలు, సందేహాలకు అదే రోజు జవాబు ఇచ్చే మనిషి ఉంటే. లేకపోతే ఎంతమంది అనువాదకులను పెట్టినా తేదీ జరుగుతుంది.

ఆ పది రోజులూ ఇంగ్లీషు మారకూడదు. గ్నోమ్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు దీన్నే స్ట్రింగ్ ఫ్రీజ్ అంటాయి. ఆ సమయంలో వాక్యం మార్చాలంటే అనువాద బృందం అనుమతి కావాలి. మీ దగ్గర కూడా `values/strings.xml` మారిన ప్రతి మార్పుకూ భాషల సమన్వయకర్త సంతకం తప్పనిసరి చేయండి. తప్పనిసరైన మార్పు వస్తే ఒప్పుకోవచ్చు, కానీ దానితోపాటు నాలుగు భాషలకూ టికెట్లు అప్పుడే తెరుచుకోవాలి.

విడుదలయ్యాక వాడేవాళ్లు చెప్పే భాషా తప్పులను ఎక్కడ పెట్టాలి?

అదే బోర్డులో, అదే తీవ్రతలతో. వాడేవారు కీ పేరు చెప్పరు, స్క్రీన్‌షాట్ పంపుతారు. అందులోని వాక్యాన్ని `values-te/strings.xml`లో వెతికి కీని పట్టుకోవాలి. వెతికినా దొరకకపోతే మధ్యలోని U+200C గుర్తును అనుమానించండి. "సాఫ్ట్‌వేర్" అని మీరు టైపు చేసినదానిలో ఆ గుర్తు ఉండి ఫైలులో లేకపోతే వెతుకులాట విఫలమవుతుంది. మాటలో సగమే ఇచ్చి వెతకండి.

కీ దొరికాక దాన్ని తెలుగులో మాత్రమే దిద్ది వదిలేయకండి. తప్పు ఇంగ్లీషులోని అస్పష్టత వల్ల వచ్చిందా అని చూసి, అవునైతే మిగతా మూడు భాషల్లోనూ ఆ కీని `translated`కు దించి సమీక్షకు పంపండి. తెలుగు రైతు పట్టుకున్న తప్పు కన్నడంలోనూ ఉండి, అక్కడ ఇంకా ఎవరూ చెప్పకపోయి ఉండవచ్చు.